మూత పడిన చోటి స్వరాలు

ఆ రికార్డింగులో మొదట వినిపించేది నా చెల్లెలి దగ్గు. సంగీతాన్ని తెంచేది పియానో మూత ఆమె చేతుల మీద పడిన చప్పుడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న సంగీతాన్ని ఐదు గీతల మీద రాసిపెట్టమని ఆమె నన్ను అడిగింది.

మా చర్చి కోట మండలంలో, రొయ్యల గుంటలకూ సముద్రానికీ మధ్య ఉంది. అక్కడి పాత పియానోను నా చెల్లెలు పెళ్లికి ముందు నుంచీ వాయిస్తోంది. గుడ్ ఫ్రైడే నాడు, క్రీస్తు ప్రాణం విడిచిన వాక్యం చదవడం పూర్తయ్యాక, సభ అంతా తలలు వంచి కూర్చున్నప్పుడు ఆమె ఒక్కతే వాయించే వాద్య రచన ఒకటుంది. అది ఆమె సొంతం. ఎవరూ పాడరు, దానికి మాటలు లేవు. ఏటా కొంత మారుస్తూ, కొంత చేరుస్తూ తయారుచేసుకుంది. ఎక్కడా రాసుకోలేదు. రాయవలసిన అవసరం ఆమె వేళ్లు బాగున్నంతకాలం కలగలేదు.

చర్చి కమిటీ రెండుగా చీలి, ఒకరి తాళం మీద ఒకరు తాళం వేసుకుంటున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఆమె ఫోను పియానో మీద పెట్టి, తాను వాయించేది తానే విని చూసుకుందామని రికార్డింగు మొదలుపెట్టింది. సగంలో అవతలి వర్గం వాళ్లు గునపాలతో లోపలికొచ్చి పక్క గది తాళం పగలగొట్టారు. ఇవతలి వర్గం వాళ్లు పరుగెత్తుకొచ్చారు. బెంచీలు ఎత్తి కొట్టుకున్నారు. ఒకతని నెత్తి చీలి, రక్తం పాటల పుస్తకాల మీద పడింది. ఇంత జరుగుతున్నా నా చెల్లెలు వాయించడం ఆపలేదు. అవతలి వర్గంలో ఒకడు, గాయక బృందంలో లోతైన బేస్ గొంతు పాడేవాడు, ఆమె దగ్గరే స్వరాలు నేర్చుకున్నవాడు, ఆపమని అరిచాడు. ఆమె ఆపలేదు. అతను మీటల మీది మూతను ఆమె చేతుల మీద వేశాడు. తరువాత నలుగురు కలిసి పియానోను వెనక్కి తోశారు. లోపలి ఇనప చట్రం విరిగింది.

నెల్లూరు ఆసుపత్రిలో ఆమె వేళ్లలో కడ్డీలు వేశారు. బొటనవేళ్లు రెండూ మీటల అంచున ఉండబట్టి తప్పించుకున్నాయి. మిగతా ఎనిమిది వేళ్లూ ఇక పూర్తిగా వంగవని సర్జన్ నాతో చెప్పినప్పుడు, ఎంత కోణం వరకు వంగుతాయని అడిగాను. ఒక్కొక్క వేలికీ ఆయన ఒక్కొక్క అంకె చెప్పాడు. వాటిలో ఏ అంకెతోనూ పియానో వాయించడం కుదరదు.

ఆసుపత్రి నుంచి ఆమె మా ఇంటికి వచ్చింది. నేను శ్రీహరికోటలో, ఎగిరే రాకెట్ నుంచి వచ్చే సంకేతాలను చదివే పనిలో రిటైరైనవాణ్ణి. పియానో పుస్తకం చూసి నేర్చుకున్నాను కాబట్టి స్వరాలను ఐదు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ వచ్చు. ఆమెకు ఈ రెండూ తెలుసు.

"పోలీసోళ్లు ఫోన్లోంచి కొట్లాట ఎక్కించుకోని పోయినారు," అంది. "వాళ్లకు అదే కావాల. నాకు అందులో పాట కావాల. రాసిపెట్టన్నా. గుడ్ ఫ్రైడేకి ఆ పిల్ల వాయిస్తాది."

ఆ పిల్ల అంటే కోట ఆసుపత్రిలో నర్సు. నా చెల్లెలి శిష్యురాళ్లలో నొటేషన్ చక్కగా చదవగలిగేది ఆమె ఒక్కతే. కానీ విన్నదాన్ని విన్నట్టు వాయించలేదు. కాగితం మీద లేనిదేదీ ఆమె చేతికి రాదు. అవతలి వర్గం వాళ్లు అప్పటికే ఒక మాట పంపారు: గుడ్ ఫ్రైడే ఆరాధన జరిగినా సరే, ఆ వాద్యం మాత్రం వినపడకూడదని. అందుచేత నా చెల్లెలికి అది వినపడి తీరాలి.

రికార్డింగును నొటేషన్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. ఒకదానికి ఆ శబ్దాన్ని ఇచ్చాను. అన్నం తినేలోపు పేజీలకు పేజీలు ఇచ్చింది. కంప్యూటర్ చేత దాన్నే వాయింపించి ఆమెకు వినిపించాను.

ఆమె కట్లు కట్టిన రెండు చేతులూ దిండు మీద పెట్టుకుని పూర్తిగా వింది.

"ఇది నేనా?" అంది. "కల్లు తాగినోడు పియానో మీద పడి లేచినట్టుండాది."

నర్సు నవ్వు ఆపుకుంటూ, "అక్కా, మధ్యలో మీరే తెలుస్తాండారు, అక్కడక్కడ," అంది.

"అక్కడక్కడ తెలిసేదానికి నేనేమన్నా దెయ్యాన్నా?"

సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం నాకు న్యాయంగా తోచలేదు. దాని పని ఎంత కష్టమో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. రాకెట్ నుంచి వచ్చే ప్రతి సంకేతానికీ ఎవరూ దూరని సొంత పౌనఃపున్యం కేటాయిస్తారు. వేడిది ఒక చోట, పీడనానిది మరో చోట. వాటిని విడదీయడం మనం ముందే అనుకున్న ఏర్పాటు. పియానోకు అలాంటి ఏర్పాటు లేదు. ఒక్క మీట నొక్కితే ఒక్క కంపనం రాదు, కంపనాల నిచ్చెన వస్తుంది. కింది A అనే స్వరపు మీట తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. దానితోపాటే 220, 330, 440 కూడా ఇంచుమించుగా మోగుతాయి. ఆ 220 పై A మీటది. ఆ 330 దాని పైనున్న E మీటది, తేడా ఒక కంపనంలో సగం కూడా ఉండదు. కాబట్టి కంపనాలను గీతలుగా చూపే గ్రాఫు మీద 330 దగ్గర ఒక గీత లేచి ఉంటే, E మీటను ఒక వేలు నిజంగా నొక్కిందో, కింది A మోగుతూ దాని నీడను అక్కడ వేసిందో, ఆ గీత ఒక్కదాన్నే చూసి చెప్పలేము. సాఫ్ట్‌వేర్ కొన్ని చోట్ల లేని E రాసింది. కొన్ని చోట్ల ఉన్న E ని నీడ అనుకుని మింగింది.

నర్సుకు ఇది అర్థమైంది. "ఒకే గదిలో పది మంది ఒకేసారి ఏడుస్తా ఉంటే ఎవరి నొప్పి ఎక్కడో చెప్పమన్నట్టు, సార్," అంది. ఆమె పోలిక సరైనదే. అయితే ఆ పది మంది గొంతులూ ఒకే మాటను పంచుకుంటున్నాయని కూడా చేర్చాలి.

ఇంకా ఉంది. కింది వైపు పక్కపక్క మీటలు రెండింటి మధ్య తేడా సెకనుకు మూడు కంపనాలే. అంత చిన్న తేడాను పట్టుకోవాలంటే సెకనులో మూడో వంతు సేపైనా ఆగి వినాలి. అంతసేపట్లో నా చెల్లెలి కుడిచేయి మూడు నాలుగు స్వరాలు దాటిపోతుంది. ఏ స్వరమో స్పష్టంగా తెలుసుకుంటే ఎప్పుడో తెలియదు. ఎప్పుడో తెలుసుకుంటే ఏదో తెలియదు. ఇది యంత్రం లోపం కాదు, లెక్క స్వభావమే అంత. పైగా ఆమె పెడల్ తొక్కి వాయించే మనిషి. పెడల్ తొక్కితే తీగలను ఆపే ఫెల్టులన్నీ ఒకేసారి లేస్తాయి. వేలు ఎత్తేసినా స్వరం మోగుతూనే ఉంటుంది. వేలు ఎప్పుడు లేచిందో రికార్డింగు చెప్పదు.

మా ఊరి గాలి కూడా తన వంతు చేసింది. ఉప్పుకు తీగలు తుప్పుపట్టి పియానో శ్రుతి దిగిపోయింది. 440 ఉండవలసిన A 431 దగ్గర మోగుతోంది. అంటే మీటకూ మీటకూ ఉండే దూరంలో మూడో వంతుకు పైగా కిందికి జారింది. శ్రుతి చేసిన పెద్ద పియానోలు విని నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరం దగ్గరా తడబడింది. చర్చి ఆంప్లిఫయరు కరెంటు రొద 50 దగ్గర ఎడతెగకుండా ఉంది. దానివల్ల ఎవరూ నొక్కని కింది G ఒకటి ఐదారు చోట్ల పుట్టింది. ఫోను మైకు చిన్నది కాబట్టి లోతైన స్వరాల అసలు కంపనమే అందులో దాదాపు లేదు. పై మెట్లను చూసి నిచ్చెన ఎక్కడ నేలకు ఆనిందో ఊహించాలి.

నేను ఊహించడం ఇష్టపడని మనిషిని. ముందు శ్రుతిని లెక్క ప్రకారం పైకి జరిపాను. G లను తొలగించాను. అనుమానమున్న ప్రతి స్వరం దగ్గరా, అది మొదలైన క్షణంలో, మీట నొక్కితే తీగను కొట్టే సుత్తి దెబ్బ చప్పుడు ఉందా, దాని సొంత నిచ్చెనలో కింది స్వరంతో కలవని మెట్లు కనిపిస్తున్నాయా అని చూశాను. సెకన్లలో ఉన్నదాన్ని తాళంలోకి తెచ్చి బార్లుగా, అంటే సమాన తాళ ఖండాలుగా, విడగొట్టాను. ఆమె సాగదీసిన చోట సాఫ్ట్‌వేర్ నిడివిలో అరవై నాలుగో వంతు స్వరాలను ముడులు వేసి రాసింది. వాటిని విప్పి మామూలు స్వరాలుగా రాశాను. పేజీ తయారైనప్పుడల్లా నర్సు దాన్ని మా ఇంటి ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించేది. నా చెల్లెలు మోచేత్తో మంచాన్ని గుద్ది ఆపేది.

"స్వరాలు సరిగ్గానే ఉండాయి," అనేది. "నాది కాదు, అంతే."

ఈ మాటకు అంకె లేదు. ఎక్కడ తప్పో చూపించమని అడిగితే చూపించలేక కోపంతో ఏడ్చేది. ఒకసారి కాలితో మ్యూజిక్ స్టాండును తన్నింది. అది తిరగబడి కిటికీ అద్దం పగిలింది. నర్సు గాజు పెంకులు ఏరింది. నేను మళ్లీ మొదటి బార్ నుంచి సరిచూశాను. ఒక్క స్వరం కూడా మార్చవలసి రాలేదు.

అలా నలభై ఒకటో బార్‌కు వచ్చాము. మూత పడింది అక్కడే.

ఆ ఒక్క బార్‌లో సాఫ్ట్‌వేర్ పంతొమ్మిది స్వరాలను ఒకేసారి రాసింది. మనిషికి అన్ని వేళ్లు లేవు. కారణం తెలిసిందే: ఆమె కాలు పెడల్ మీదే ఉంది, ఫెల్టులు లేచి ఉన్నాయి, మూత దెబ్బకు పెట్టె అదిరి, లోపలి తీగలన్నీ ఎవరూ కొట్టకుండానే మోగాయి. సుత్తి కొట్టిన తీగలు బలంగా మోగి మెల్లగా తగ్గుతాయి. అదురుకు మోగినవి మొదటి నుంచీ బలహీనం, పై మెట్లు వాటిలో దాదాపు ఉండవు. దెబ్బ చప్పుడు మొదలును కప్పేసింది కాబట్టి దాని తరువాతి భాగాన్ని, నా చెల్లెలి కేక కింద, బెంచీ విరిగిన చప్పుడు కింద, నాలుగో వంతు వేగంతో మళ్లీ మళ్లీ విన్నాను. పదకొండు స్వరాలు కొట్టేశాను. ఎనిమిది మిగిలాయి. నాలుగు ఎడమన, నాలుగు కుడిన, పక్కపక్క మీటలు. మూత ఆమె వేళ్లను మీటల్లోకి తొక్కినప్పుడు అవి ఎక్కడున్నాయో ఆ ఎనిమిది స్వరాలు చెబుతున్నాయి.

గ్రాఫు మీద ఇంకొకటి కనిపించింది. దెబ్బ గీత ఒకటి కాదు, రెండు. రెండింటికీ మధ్య సెకనులో సగానికి కొంచెం పైన. రెండో చోట కూడా ఎనిమిది స్వరాలు మళ్లీ మొదలయ్యాయి.

నేను దాన్ని స్పీకర్లలో వింటుండగా బేస్ పాడేవాడు మా ఇంటికి వచ్చాడు. వెంట మరో ఇద్దరు. తలుపు తెరిచే ఉంది. గదిలో అతని గొంతే, నాలుగు రెట్లు సాగి, ఆపమని అరుస్తోంది. అతను గుమ్మంలో ఆగి దాన్ని చివరి వరకు విన్నాడు.

"అది తీసెయ్ పెద్దాయనా," అన్నాడు.

"పోలీసుల దగ్గర ఒకటి ఉంది."

"నీ దగ్గరది తీసెయ్ అంటాండా. రోజూ పెట్టుకోని వింటావా? ఈదంతా వినపడతాంది." తరువాత నా చెల్లెలి వైపు తిరిగాడు. "అక్కా, నేను కావాలని వెయ్యలా. చెయ్యి జారినాది. నువ్వు ఆపుంటే..."

"జారినాదా," అంది ఆమె. "ఏం జారుడురా అది, నీ పొట్ట బరువంతా వచ్చి మూత మీద ఆనినాది?"

నేను తెర మీద రెండు గీతలనూ వేలితో చూపించాను. "జారిన మూత ఒక్కసారి పడుతుంది. ఇది మొదటిది. ఇక్కడ మూత లేచింది. ఇది రెండోది. రెండోది మొదటిదాని కన్నా పెద్దది."

అతను గీతలను చూశాడు. అర్థం చేసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు, స్వరాల ఎత్తుపల్లాలు చదవడం ఆమె నేర్పిందే. స్పీకరును వైరుతో సహా పెరికి నా ముఖం మీద కొట్టాడు. పెదవి చీలి, ముందు పన్ను కదిలి, రక్తం కాగితాల మీద పడింది. బల్ల మీద గీతలు గీసే ఇనప స్కేలు ఉంది. దాని అంచుతో అతని ముంజేతి మీద కొట్టాను. ఎముకకు తగిలిన చప్పుడు విన్నాను. వెంట వచ్చిన వాళ్లలో ఒకడు నా మెడ పట్టుకుని గోడకు నొక్కాడు, మరొకడు కంప్యూటరును నేలకేసి కొట్టాడు. నర్సు వీధిలోకి పరుగెత్తి అరిచింది.

నా చెల్లెలు మంచం దిగి వచ్చి కట్లున్న రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

"ఇంకోసారి వెయ్యిరా," అంది. "బొటనేళ్లు మిగిలిపోయినాయి. పని సగంలో వదిలేసేది నీకు నేర్పింది నేను కాదు."

అతను ముంజేయి పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వీధిలో మనుషులు పోగవుతున్నారు. వెంట వచ్చిన వాళ్లు అతన్ని లాక్కుపోయారు.

రికార్డింగు ప్రతులు వేరే చోట్ల దాచి ఉంచాను కాబట్టి పనికి నష్టం లేదు. నర్సు నా పెదవికి కుట్లు వేస్తుండగా నా చెల్లెలు నలభై ఒకటో బార్ కాగితం చూపించమంది. ఎనిమిది స్వరాల గుత్తిని చూసింది. అవి ఏమిటో చెప్పాను. అవి రికార్డింగులో ఉన్నాయి, సందేహం లేదు, అన్నింటికన్నా స్పష్టంగా ఉన్నవి అవే, అని కూడా చెప్పాను.

"కొట్టెయ్యి."

"ఉన్నదాన్ని లేదని ఎలా రాయను? నీ వేళ్లే కదా నొక్కింది."

"వేళ్లు నావి. వాయించింది వాడు." మోచేత్తో కాగితాన్ని పక్కకు నెట్టింది. "దాని తరవాత ఐదు బార్లు ఉండాయన్నా. అవి నీ మిషన్లో లేవు. నాలోనే ఉండాయి."

లేనిదాన్ని ఏ గ్రాఫూ చూపించదు. నోటితో పాడి చెప్పమన్నాను. పియానోలో ఒకేసారి నాలుగు దారుల్లో నడిచేదాన్ని ఒక్క గొంతు ఎలా పాడుతుందని కసురుకుంది. తరువాత, ఎవరూ అడగకుండానే, కీబోర్డు ముందుకు వెళ్లి కూర్చుంది. ఎడమచేతి కట్టు కిందనుంచి బొటనవేలు మాత్రం బయటికి ఉంది. ఆ ఒక్క వేలితో ఒక్కొక్క స్వరమే నొక్కడం మొదలుపెట్టింది. చివరి ఐదు బార్లు కాదు. మొదటి బార్ నుంచి.

నొప్పికి దవడ బిగిసి ఉంది. వేలు మీటల వరుస నడుమనుండే మధ్య C కి కిందనుంచి ఎక్కి, దాన్ని దాటి, మళ్లీ కిందికి దిగింది. నేను రాసిన కాగితం చూస్తున్నాను. ఆ స్వరాలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు. కానీ సగం పై ఐదు గీతల మీద, కుడిచేతి స్వరాల అడుగున నలిగి ఉన్నాయి. సగం కింది ఐదు గీతల మీద, ఎడమచేతి తీగ మోతల్లో కలిసి ఉన్నాయి. మధ్య C కి పైనున్నవి కుడిచేతికి, కిందివి ఎడమచేతికి అని సాఫ్ట్‌వేర్ కోసింది. పైన వినపడేదే రాగం అనుకుని నేనూ ఆ కోతను అలాగే ఉంచాను. పుస్తకాల్లో రాగం పైనే ఉంటుంది.

మా చర్చిలో ఉండదు. మా చర్చిలో ముందు నుంచీ మగవాళ్ల గొంతులు ఎక్కువ, పెద్దవి. వాళ్లు దారి తప్పకుండా పియానో వాయించేవాళ్లు రాగాన్ని మగవాళ్ల గొంతు ఎత్తులో, ఎడమ బొటనవేలితో పట్టుకుంటారు. కుడిచేయి పైన నింపుతుంది. ఆమెకు నేర్పిన ఆవిడా అలాగే వాయించేదట. ఎవరూ పాడని ఈ వాద్యంలో కూడా ఆమె ఆ పద్ధతి మానలేదు. ఏ వేలు ఏ స్వరాన్ని నొక్కిందో, ఏ స్వరం ఏ స్వరానికి కొనసాగింపో, గాలిలో గుర్తు ఉండదు. నేను సరిచూసిన అంకెలన్నీ సరైనవే. వాటిని కలిపే దారం మాత్రం ఆమె వేలిలో ఉండిపోయింది.

"దీన్ని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు? పాట బొటనేలిలో కాక ఇంకెక్కడుంటాది?" అంది. ఆమెకు నా ప్రశ్నే వింతగా ఉంది.

మొత్తం మళ్లీ రాశాను. రాగపు స్వరాల గుర్తులకు నిలువు కాడలు పైకి, మిగతావాటికి కిందికి. మధ్య C దగ్గర రాగం ఒక ఐదు గీతల అంతస్తు నుంచి మరో దానికి మారే ప్రతి చోటా గీత గీసి కలిపాను. రికార్డింగులో లేని చివరి ఐదు బార్లను ఆమె బొటనవేలితో ఒక్కొక్క దారినీ విడివిడిగా నొక్కి చూపించింది: ముందు రాగం, తరువాత అడుగు స్వరాలు, తరువాత పై రెండూ. కట్టు మీద ఎర్రటి మరక వ్యాపించింది. నర్సు ఆపమంది. ఆమె వినలేదు. నలభై ఒకటో బార్‌లో ఎనిమిది స్వరాలను కొట్టేసి, ఆమె వాయించబోయిన నాలుగు స్వరాలను రాశాను.

నర్సు దాన్ని వాయించినప్పుడు ఈసారి మోచేయి మంచం మీద పడలేదు.

చర్చికి అప్పటికి పోలీసుల తాళం కూడా చేరింది. గుడ్ ఫ్రైడే ఆరాధన బయట ఇసుకలో, షామియానా కింద జరిగింది. కీబోర్డుకు బ్యాటరీతో కరెంటు ఇచ్చాము. అవతలి వర్గం వాళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. వాక్యం చదవడం అయ్యాక ఎవరో ఒక రాయి విసిరారు. అది షామియానా గుడ్డ మీద పడి జారింది. మరొకటి వచ్చి ముందు వరుసలో ఒక ముసలామె భుజానికి తగిలింది. మావాళ్లలో కొందరు లేచారు. కానిస్టేబుళ్లు లాఠీలతో మధ్యలోకి వచ్చారు. నర్సు రోడ్డు వైపే చూస్తోంది.

"చూస్తా ఉండావేంది," అంది నా చెల్లెలు, పక్క కుర్చీలోంచి. "కాగితం ముందరే ఉండాది కదా."

నర్సు మొదలుపెట్టింది. రోడ్డు మీద లాఠీలు ఆడుతున్నాయి, ఎవరో కేకలు పెడుతున్నారు. నేను కాగితాలు తిప్పుతూ బార్లు లెక్కపెట్టుకున్నాను. నలభై దాటుతుండగా షామియానా కింద ఉన్నవాళ్లలో మూత పడిన రోజు చర్చిలో ఉన్న ముగ్గురు నలుగురు తమ చేతులను ఒడిలోకి లాక్కున్నారు. నాకు పెదవి మీద కుట్ల దగ్గర సలిపింది. బేస్ పాడేవాడు కానిస్టేబుల్ భుజం వెనక నిలబడి ఉన్నాడు, ముంజేతికి కట్టుతో. నలభై ఒకటి వచ్చింది. నాలుగు స్వరాలు మోగి, దాటిపోయాయి. ఆ తరువాతి ఐదు బార్లను ఆ మనిషి ఎన్నడూ విననట్టు విన్నాడు. ఏటా విన్నవే.

వాద్యం అయ్యాక నర్సు తల ఎత్తలేదు. నా చెల్లెలు కుర్చీని ముందుకు జరుపుకుంది.

"నలభై ఒకటో దాంట్లో మెత్తబడినావు," అంది. "భయపడాల్సింది అక్కడ నువ్వు కాదు."

తరువాత నన్ను పెన్సిలు తీయమంది. ఫోను మైకు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి, అన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చేస్తుంది. అందుచేత ఎక్కడ మెల్లగా వాయించిందో, ఎక్కడ బలంగా వాయించిందో రికార్డింగు నుంచి నాకు తెలియలేదు. తెలియనిది రాయకూడదని ఆ గుర్తులను అంతటా ఖాళీగా వదిలేశాను.

"అక్కడ గట్టిగా అని రాయన్నా," అంది. "రెండు సార్లు రాయి."

గట్టిగా అనేదానికి గుర్తు f. రెండు f లు రాశాను. నా కాగితంలో గ్రాఫు గానీ ఆమె వేలు గానీ చూపకుండా, ఒక్క మాట మీద వేసిన మొదటి గుర్తు అది.